స్లైడు మీద ఆధారం: చిన్న అక్షరాల్లో ఉన్నా సరిచూసుకోగలిగేలా రాయడం ఎలా

గిడుగు రామమూర్తి పంతులు గారు చాలాకాలం ఉపాధ్యాయులుగా పనిచేసిన పర్లాకిమిడిలో, ఆయన జయంతి అయిన ఆగస్టు 29న జరిగిన ఒక చిన్న సభకు కొన్నేళ్ల క్రితం నేను స్లైడులు తయారుచేశాను. వాటిలో ఒక దాని మీద, పర్లాకిమిడి ఉన్న ఒడిశాలోని గజపతి జిల్లా అక్షరాస్యత 54.29 శాతం అని చూపించి, కింద చిన్న అక్షరాలతో ‘ఆధారం: జనగణన 2011’ అని రాశాను. ముందు వరుసలో కూర్చున్న మాష్టారు ఒకరు లేచి, ‘నా పుస్తకంలో 53.49 అని రాసుకున్నాను, అది కూడా జనగణన 2011 లెక్కే’ అన్నారు. రెండు సంఖ్యల్లోనూ దాదాపు అవే అంకెలు ఉండటంతో, ఎవరో ఒకరు రాసుకునేటప్పుడు అంకెలు తారుమారు చేసి ఉంటారని సభలో అందరూ అనుకున్నారు. నేను కూడా అలాగే అనుకున్నాను.

తరువాత రెండు సాయంత్రాలు వెతికితే తేలింది ఏమిటంటే, రెండూ సరైనవే. 54.29 అనేది 2011లోనే వెలువడిన తాత్కాలిక లెక్కలలోని సంఖ్య, 53.49 అనేది 2013లో వచ్చిన తుది లెక్కలలోని సంఖ్య. జిల్లా జనాభా కూడా తాత్కాలిక లెక్కలో 5,75,880గానూ, తుది లెక్కలో 5,77,817గానూ ఉంది. తప్పు సంఖ్యలో లేదు, దాని కింద నేను రాసిన వాక్యంలో ఉంది. ‘జనగణన 2011’ అన్న మాట రెండు సంఖ్యలకూ సమానంగా వర్తిస్తుంది కాబట్టి, ఏది ఏదో తేల్చడానికి అది ఎవరికీ ఉపయోగపడలేదు. ఆధార వాక్యం చిన్నదిగా ఉండటం దోషం కాదు. అది చూసినవారు అదే పట్టికకు, అదే వరుసకు, అదే గడికి చేరుకోలేకపోవడం దోషం.

ఆ స్లైడును మళ్లీ మొదటి నుంచి ఎలా కట్టానో ఈ మార్గదర్శిలో చెబుతాను. ఈసారి గజపతి పక్కన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు అవతల ఉన్న శ్రీకాకుళం జిల్లాను కూడా చేర్చి, రెండు పట్టీల గ్రాఫు గీశాను. తుది లెక్కల ప్రకారం 2011లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం.

మొదటి మెట్టు: స్లైడు తెరవకముందే ఆధారపు చీటీ రాసుకోవడం

చాలామంది స్లైడులన్నీ పూర్తయ్యాక చివరి రాత్రి ఆధారాలు చేర్చడానికి కూర్చుంటారు. అప్పటికి సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో సగం మరచిపోయి ఉంటారు కాబట్టి ‘జనగణన’, ‘ప్రభుత్వ నివేదిక’, ‘అంతర్జాలం’ లాంటి మాటలతో సరిపెట్టుకుంటారు. సంఖ్యను మొదటిసారి చూసిన నిమిషంలోనే ఒక చీటీ రాసుకుని, దానికి ఒక గుర్తు ఇవ్వాలి. నేను ‘ఆ-1’, ‘ఆ-2’, ‘ఆ-3’ అని ఇస్తాను. స్లైడు సంఖ్యనే గుర్తుగా వాడవచ్చు కదా అనిపిస్తుంది. కానీ మధ్యలో ఒక స్లైడు చేర్చినా తీసేసినా ఆ తరువాతి సంఖ్యలన్నీ మారిపోయి, గుర్తులన్నీ తప్పు చోటును చూపిస్తాయి. చీటీ గుర్తు మాత్రం స్లైడు ఎటు జరిగినా దానితోనే ఉంటుంది.

నా అక్షరాస్యత స్లైడుకు చెందిన చీటీ ఇలా ఉంటుంది:

```
గుర్తు: ఆ-3
ప్రచురించినది: రిజిస్ట్రార్ జనరల్, భారత జనగణన
పట్టిక: Primary Census Abstract 2011 (తుది లెక్క)
ఫైళ్లు: ఒడిశా, ఆంధ్రప్రదేశ్
వరుస: Level = DISTRICT, TRU = Total
గళ్లు: TOT_P, P_06, P_LIT
లెక్క: P_LIT / (TOT_P - P_06) * 100
సరిచూపు: గజపతి TOT_P = 577817
చూసిన తేదీ:
దాచిన ప్రతి:
```

ఈ చీటీలో ప్రతి వరుసకూ ఒక కారణం ఉంది. పట్టిక పేరును ఆంగ్లంలోనే ఉంచడానికి కారణం, వెతికేవారు ఆ పేరునే జనగణన వెబ్‌సైటులో టైపు చేయవలసి ఉండటం. దాన్ని ‘ప్రాథమిక జనగణన సారాంశం’ అని తెనిగించి మాత్రమే రాస్తే, చదవడానికి బాగానే ఉంటుంది గానీ ఆ మాటతో వెతికితే పట్టిక దొరకదు. మా సరిహద్దు ఊళ్లలో ఆధారం ఆంగ్లంలోనో ఒడియాలోనో ఉండటం, స్లైడు తెలుగులో ఉండటం మామూలు విషయం. అందువల్ల వివరణను తెలుగులో రాసి, ఆధారపు అసలు పేరును మాత్రం అది ఏ భాషలో అచ్చయిందో ఆ లిపిలోనే ఉంచాలన్నది నా అభిప్రాయం. ఒడియా నివేదిక అయితే దాని పేరు ఒడియా లిపిలోనే ఉండాలి. తెలుగు లిపిలోకి మార్చి రాసిన పేరుతో గ్రంథాలయంలో అడిగినా, కంప్యూటరులో వెతికినా పని జరగదు.

లెక్క అనే వరుస మరింత ముఖ్యమైనది. పట్టికలో అక్షరాస్యుల సంఖ్య `P_LIT` గడిలో, మొత్తం జనాభా `TOT_P` గడిలో, ఏడేళ్ల లోపు పిల్లల సంఖ్య `P_06` గడిలో వేరువేరుగా ఉంటాయి. జనగణనవారు అక్షరాస్యతను ఏడేళ్లు, ఆపై వయసు ఉన్నవారిలో మాత్రమే లెక్కిస్తారు కాబట్టి, మొత్తం జనాభా నుంచి `P_06` గడిలోని సంఖ్యను తీసివేసి, మిగిలిన దానితో భాగించాలి. ఆ సంగతి తెలియనివారు `P_LIT`ను నేరుగా `TOT_P`తో భాగిస్తే వారికి 53.49 కంటే చాలా తక్కువ వస్తుంది. అప్పుడు మన స్లైడే తప్పని వారు నమ్మకంగా చెబుతారు. లెక్క విధానాన్ని చీటీలో రాసి ఉంచితే ఆ వాదన మొదలుకాదు.

సరిచూపు అనే వరుసను నేను తరువాత చేర్చాను. పెద్ద పట్టికలో వందల వరుసలు ఉంటాయి. వెతికేవారు సరైన వరుసలో ఉన్నారో లేదో వారికి తెలియడానికి ఒక సులభమైన సంఖ్యను ముందే ఇవ్వాలి. గజపతి వరుసలో జనాభా గడిలో 5,77,817 కనిపిస్తే అది తుది లెక్కే, జిల్లా మొత్తానికి చెందినదే. 5,75,880 కనిపిస్తే తాత్కాలిక లెక్క ముందు కూర్చున్నారన్నమాట. ఈ ఒక్క సంఖ్య ఉండి ఉంటే ఆ రోజు సభలో వాదన అర నిమిషంలో ముగిసేది.

రెండో మెట్టు: చీటీలోంచి స్లైడు మీదికి ఏది రావాలో తేల్చుకోవడం

చీటీ మొత్తాన్ని స్లైడు మీద పెడితే గ్రాఫుకు చోటు ఉండదు. అందులోంచి ఏరుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఏ మాట తీసేస్తే చదివేవారు మరో సంఖ్యతో పొరబడతారు? ఆ మాట స్లైడు మీద ఉండాలి, మిగిలినవన్నీ వెనక్కి వెళ్లవచ్చు.

నా గ్రాఫు విషయంలో అలాంటి మాటలు నాలుగు తేలాయి. లెక్క తుదిదని చెప్పాలి. ఏడేళ్లు, ఆపై వయసువారికి సంబంధించినదని చెప్పాలి. ఏ పట్టికో చెప్పాలి. నాలుగోది నాకు వెంటనే తట్టలేదు: ఏ జిల్లా హద్దులు అన్నది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు, పాలకొండ ప్రాంతం శ్రీకాకుళం నుంచి విడిపోయి కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. ఇవాళ శ్రీకాకుళం జిల్లా అనగానే వినేవారి మనసులో ఉండేది చిన్న జిల్లా, 61.74 శాతం మాత్రం పాత పెద్ద జిల్లాకు చెందినది. పాతపట్నం నుంచి వచ్చినవారికీ పాలకొండ నుంచి వచ్చినవారికీ ఇది తేలికగా వదిలేసే విషయం కాదు.

ఇలాంటి చిక్కు మా వైపు కూడా ఉంది. గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయి 1992 అక్టోబరు 2న ఏర్పడింది. అందువల్ల 1991 జనగణన జరిగిన నాటికి ఆ పేరుతో జిల్లాయే లేదు. ఎవరైనా ‘1991లో గజపతి జిల్లా అక్షరాస్యత’ అని స్లైడు మీద రాసి ఆధారంగా ‘జనగణన 1991’ అని చూపిస్తే, ఆ సంవత్సరపు సంపుటాలలో ఎంత వెతికినా గజపతి వరుస కనిపించదు. ఆ సంఖ్య కొత్త హద్దులకు అనుగుణంగా తిరగలెక్కించి తరువాతి ప్రచురణలో ఇచ్చినది అయి ఉంటుంది కాబట్టి, ఆధారంగా ఆ తరువాతి ప్రచురణను చూపి, ‘1992 తరువాతి హద్దులకు సవరించినది’ అని చేర్చాలి. సంఖ్య ఏ సంవత్సరానికి చెందిందో, ఏ సంవత్సరంలో అచ్చయిందో ఈ రెండూ వేరని గుర్తుంచుకుంటే సరిహద్దు జిల్లాల లెక్కల్లో వచ్చే తికమక చాలావరకు తొలగిపోతుంది.

ఇన్ని ఆలోచించాక స్లైడు మీదికి వచ్చిన వాక్యం ఇది:

```
ఆధారం (ఆ-3): భారత జనగణన 2011, తుది లెక్క, PCA జిల్లా పట్టికలు;
7 ఏళ్లు, ఆపై వయసువారిలో శాతం; 2011 నాటి జిల్లా హద్దులు.
```

రెండు పంక్తులు. అందులో PCA అంటే చీటీలోని Primary Census Abstract. మూడో పంక్తికి వెళ్లవలసి వస్తే, ఒకే స్లైడులో రెండు స్లైడుల విషయం ఉన్నదని నేను అనుకుని దాన్ని విడదీస్తాను.

‘ఆధారం’ అన్న మాటను కూడా ఆలోచించి వాడాలి. పట్టికలో ఉన్న సంఖ్యను ఉన్నట్టుగా ఎత్తి రాస్తే ‘ఆధారం’ అనవచ్చు. మనం కూడి, తీసివేసి, భాగించి సంఖ్యను తెచ్చినప్పుడు ‘దీని ఆధారంగా లెక్కించినది’ అని రాయాలి. జనగణనవారే ప్రకటించిన శాతం, మన లెక్కలో వచ్చిన శాతం ఒకటే అయింది కాబట్టి నేను ఇక్కడ ‘ఆధారం’ అనే ఉంచాను. అదే రెండు జిల్లాల మధ్య తేడా 8.25 అని రాసి ఉంటే ఆ తేడా నాది. ప్రచురించిన సంస్థది కాదు.

మూడో మెట్టు: అక్షరం ఎంత చిన్నది కావచ్చు

ఇక్కడ ‘10 పాయింట్లు చాలు’ లాంటి సలహాలు తప్పుదారి పట్టిస్తాయి, ఎందుకంటే పాయింటు విలువ స్లైడు కొలత మీద ఆధారపడి ఉంటుంది. పవర్‌పాయింటులో మామూలు వెడల్పు స్లైడు ఎత్తు 7.5 అంగుళాలు, అంటే 540 పాయింట్లు. గూగుల్ స్లైడ్స్‌లో అదే ఆకారపు స్లైడు ఎత్తు సుమారు 5.63 అంగుళాలు, అంటే 405 పాయింట్లు. లిబ్రెఆఫీస్ ఇంప్రెస్‌లో 15.75 సెంటీమీటర్లు, అంటే దాదాపు 446 పాయింట్లు. మూడూ ఒకే తెర మీద నిండుగా పరచుకుంటాయి కాబట్టి పవర్‌పాయింటులో 12 పాయింట్ల అక్షరం ఎంత కనిపిస్తుందో, గూగుల్ స్లైడ్స్‌లో 9 పాయింట్లది, ఇంప్రెస్‌లో సుమారు 10 పాయింట్లది అంతే కనిపిస్తుంది.

తెర ఎత్తు నాలుగు అడుగులు అనుకుందాం. మా ఊళ్లలో పాఠశాల గదుల్లోనూ సంఘ భవనాల్లోనూ సాధారణంగా అంతకు మించి ఉండదు. దానిమీద పవర్‌పాయింటులోని 12 పాయింట్ల పంక్తికి ఒక అంగుళానికి కాస్త ఎక్కువ ఎత్తు వస్తుంది. అందులో అక్షరం ఆక్రమించేది సుమారు సగం. మంచి చూపు ఉన్నవారు కూడా పాతిక అడుగుల దూరం నుంచి దాన్ని కష్టపడే చదువుతారు. తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. ‘స్త్ర’, ‘క్ష్మ’ లాంటి సంయుక్తాక్షరాల్లో వత్తులు అక్షరం కింద ఇరుక్కుని, చిన్న పరిమాణంలో నల్లటి మచ్చలా కనిపిస్తాయి. అందుకే ఆంగ్లానికి 10 పాయింట్లు సరిపోయే చోట తెలుగుకు నేను 12 కంటే తగ్గను, గది పొడవుగా ఉంటే 14 ఇస్తాను.

అయినా చివరి వరుసలోనివారు ఆధార వాక్యమంతా చదవగలగాలని నేను ఆశించను. వారికి కనిపించవలసింది గుర్తు ఒక్కటే. ‘ఆ-3’ అన్నది గ్రాఫు శీర్షిక చివర 18 పాయింట్లలో ఉంటే, వెనుక కూర్చున్నవారు కూడా దాన్ని రాసుకోగలరు. గ్రాఫును మాత్రమే కత్తిరించి వాట్సాప్‌లో పంపేవారు మా గుంపుల్లో చాలామంది ఉన్నారు. ఆధార వాక్యం అప్పుడు పోయినా, శీర్షికలోని గుర్తు బొమ్మతోపాటు వెళుతుంది, అడిగినవారికి చీటీ చూపించవచ్చు.

రంగు విషయంలో ఒక్క మాట. ఆధార వాక్యం గ్రాఫుతో పోటీపడకూడదని లేత బూడిద రంగు ఇవ్వడం అలవాటు. కంప్యూటరు తెర మీద అది బాగుంటుంది, కానీ కిటికీలు తెరిచి ఉన్న గదిలో పాత ప్రొజెక్టరు కింద పూర్తిగా మాయమవుతుంది. తెల్లని నేపథ్యం మీద `#595959` లేదా అంతకంటే ముదురు రంగు వాడితే ఆ ప్రమాదం ఉండదు. వాలు అక్షరాలు వద్దు; చాలా తెలుగు ఫాంట్లకు అసలైన వాలు రూపం లేక, యంత్రం అక్షరాన్ని పక్కకు లాగి చూపిస్తుంది.

నాలుగో మెట్టు: చోటును స్థిరపరచడం

ఆధార వాక్యం స్లైడు అడుగున ఉండాలన్నది అందరికీ తెలిసిన పద్ధతి. కానీ తెర తక్కువ ఎత్తులో ఉన్న గదిలో అడుగు భాగం ముందు వరుసవారి తలల వెనుకకు పోతుంది. నేను గ్రాఫుకు వెంటనే కింద, దాని ఎడమ అంచుతో కలిపి పెడతాను. స్లైడు అడుగు అంచు నుంచి ఎత్తులో పదో వంతు ఖాళీగా వదులుతాను.

ప్రతి స్లైడులోనూ చేత్తో పెట్టెను గీస్తే అది ఒక చోట కాస్త పైకి, మరో చోట కాస్త కిందికి జరుగుతుంది. పవర్‌పాయింటులో `View` లోకి వెళ్లి `Slide Master` తెరిచి, గ్రాఫులకు వాడే అమరికను ఎంచుకుని, `Insert Placeholder` కింద `Text` నొక్కి, కావలసిన చోట పెట్టెను గీయాలి. అందులో ముందుగా ఉన్న పొట్టి వాక్యాలను చెరిపి ‘ఆధారం (ఆ- ):’ అని టైపు చేసి, బులెట్ తీసేసి, పరిమాణం, రంగు అక్కడే నిర్ణయించాలి. ఆ తరువాత ఆ అమరికతో వచ్చే ప్రతి కొత్త స్లైడులోనూ ఆ ఖాళీ పెట్టె కనిపిస్తుంది కాబట్టి ఆధారం రాయలేదన్న సంగతి తయారుచేసేటప్పుడే తెలుస్తుంది. గూగుల్ స్లైడ్స్‌లోనూ థీమును సవరించే చోట ఇలాగే పెట్టెను చేర్చవచ్చు. ఇంప్రెస్‌లో సొంత పెట్టెలను ఈ విధంగా మాస్టరులో చేర్చే వీలు లేదు కాబట్టి, ఒక స్లైడులో సరిగా పెట్టిన పెట్టెను నకలు తీసి మిగిలిన వాటిలో అతికించాలి. అతికించినప్పుడు అది అదే చోట పడుతుంది.

దీనికి ఫుటరును వాడవద్దు. ఫుటరు అన్ని స్లైడులకూ ఒకే మాట పెట్టడానికి ఉద్దేశించినది. ఎవరైనా సభ పేరు రాసి `Apply to All` నొక్కితే, మీరు ఫుటరులో ఒక్కొక్క స్లైడుకూ రాసుకున్న ఆధారాలన్నీ ఒకేసారి చెరిగిపోయి ఆ సభ పేరుతో నిండిపోతాయి.

పెట్టె సిద్ధమయ్యాక `Format Shape` లోని `Text Box` భాగంలో `Do not Autofit` ఎంచుకోవాలి. లేకపోతే వాక్యం పెరిగినప్పుడల్లా పవర్‌పాయింటు అక్షరాన్ని చెప్పకుండా తగ్గిస్తూ పోతుంది. 12 అని మనం అనుకున్నది ఒక స్లైడులో 9కి దిగి ఉంటుంది. మరో కంప్యూటరులో మీ తెలుగు ఫాంటు లేకపోతే వేరే ఫాంటు వచ్చి రెండు పంక్తుల వాక్యం మూడు పంక్తులవుతుంది, కిందివాటి వత్తులు తెగిపోతాయి. విండోస్‌తో వచ్చే `Nirmala UI` వాడటం ఒక దారి. ఫైలులోనే ఫాంటును పొదగడం మరో దారి.

ఒకే స్లైడులో రెండు వేరువేరు ఆధారాలు ఉంటేనే పైగుర్తు సంఖ్యలు అవసరమవుతాయి. వాటిని సంఖ్య పక్కన పెట్టకూడదు. 53.49 పక్కన చిన్న 2 పెడితే దూరం నుంచి 53.492 అని చదువుతారు, గణితం మాష్టార్లు వర్గమని చదువుతారు. జిల్లా పేరు పక్కన పెడితే ఆ ఇబ్బంది లేదు.

ఫొటోల సంగతి తేలికైనదే. తీసినవారి పేరు, దొరికిన చోటు, అనుమతి పద్ధతి ఈ మూడూ ఉంటే చాలు. వికీమీడియా కామన్స్ లాంటి చోట దొరికిన బొమ్మకు ‘గూగుల్ నుంచి’ అని రాయడం ఆధారం కాదు. గూగుల్ దాన్ని చూపించింది మాత్రమే.

ఐదో మెట్టు: మిగిలిన చీటీని దాచే చోటు

స్లైడు మీద పట్టని వివరమంతా స్లైడు కింద ఉండే నోట్సు భాగంలోకి వెళుతుంది. చీటీని ఉన్నదున్నట్టుగా అక్కడ అతికించాలి. మాట్లాడవలసిన మాటలు కూడా అక్కడే రాసుకునే అలవాటు ఉంటే, చీటీని అన్నింటికంటే కింద, ఒక అడ్డగీత తరువాత పెట్టుకోవాలి.

చివర ‘ఆధారాలు’ అని ఒక స్లైడు చేర్చి, గుర్తుల వరుసలో ఆధారాలను, వాటి లింకులను ఇవ్వాలి. తెలుగు పేరున్న పుటల చిరునామాను నకలు తీస్తే `%E0%B0` లాంటి అంకెలు అక్షరాలతో రెండు మూడు పంక్తుల పొడవు వస్తుంది. అది స్లైడు మీద ఎవరికీ పనికిరాదు. పుట పేరును చదవదగిన రూపంలో రాసి, ఆ మాటల మీద `Ctrl+K` తో లింకు పెట్టాలి. పొట్టి లింకుల సేవలను నేను మానేశాను. గూగుల్ నడిపిన `goo.gl` 2019లోనే కొత్త లింకులు ఇవ్వడం ఆపేసింది. మన ఆధారం బతకడానికి మరో సంస్థ సేవ కూడా బతికి ఉండాలన్న షరతు అనవసరం.

క్యూఆర్ గుర్తు పెట్టదలిస్తే గ్రాఫు స్లైడులో మూల పెట్టవద్దు. గుర్తు వెడల్పుకు సుమారు పది రెట్ల దూరం వరకే ఫోను దాన్ని పట్టుకుంటుంది కాబట్టి, ఇరవై అడుగుల దూరంలోని వారికి తెర మీద రెండు అడుగుల గుర్తు కావాలి. అది ఆధారాల స్లైడులో, పెద్దదిగా, కనీసం అర నిమిషం నిలిచి ఉండాలి.

ప్రభుత్వ వెబ్‌సైట్లు రూపం మార్చుకున్నప్పుడు పాత లింకులు తెగిపోతాయి. జనగణన వెబ్‌సైటు మారినప్పుడు నేను రాసుకున్న చిరునామాలు చాలావరకు పనిచేయలేదు. అందుకే రెండు పనులు చేస్తాను. పట్టిక ఉన్న పుటను `web.archive.org/save` లో దాచి, అక్కడ వచ్చిన తేదీతో కూడిన చిరునామాను చీటీలో రాస్తాను. పట్టిక ఫైలును కూడా దింపుకుని, స్లైడులు ఉన్న ఫోల్డరులోనే ‘ఆ-3’ పేరుతో ఉంచుతాను. లింకు తెగినా పట్టిక పేరు, గడి పేరు చీటీలో ఉంటాయి కాబట్టి మరో చోట వెతికి పట్టుకోవచ్చు; పట్టిక పేరు లేకుండా లింకు ఒక్కటే రాసి ఉంటే, అది తెగిన రోజున ఆధారం పూర్తిగా పోయినట్టే.

ఆరో మెట్టు: వేరొకరి చేత వెతికించడం

స్లైడును మనమే సరిచూసుకుంటే దారి మనకు ముందే తెలుసు కాబట్టి వాక్యంలోని లోటు కనిపించదు. నేను ఆ గ్రాఫు స్లైడును, నోట్సును ఒక కాగితం మీద ముద్రించి, పాతపట్నం నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయికి ఇచ్చి, ‘53.49 ఎక్కడ ఉందో కనిపెట్టమ్మా’ అని అడిగాను. పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూశాను. పట్టికను తొందరగానే తెరిచింది. గజపతి వరుసను కూడా పట్టుకుంది. కానీ లెక్క చేస్తే వేరే శాతం వచ్చి ఆగిపోయింది. పట్టికలో ప్రతి జిల్లాకూ మొత్తం, గ్రామీణ, పట్టణ అని మూడు వరుసలు ఉంటాయి. ఆమె గ్రామీణ వరుసను తీసుకుంది. తప్పు ఆమెది కాదు, నా చీటీలో `TRU = Total` అన్న మాట అప్పటికి లేదు. పైన చూపించిన చీటీలో ఆ మాటా, జనాభా సరిచూపు సంఖ్యా వచ్చి చేరింది ఆ సాయంత్రమే.

వెతికేవారు ఐదు నిమిషాల్లో గడికి చేరుకోలేకపోతే, ఎక్కడ ఆగారో అక్కడ చీటీలో ఒక మాట తక్కువైందని అర్థం. వారికి నోటితో దారి చెప్పకుండా, ఆ మాటను చీటీలో చేర్చి మళ్లీ ప్రయత్నించమని అడగాలి.

ఏడో మెట్టు: పంచేటప్పుడు ఆధారం జారిపోకుండా చూడటం

సభ అయ్యాక స్లైడులు కాగితం మీదో పీడీఎఫ్‌గానో వెళతాయి, ఆధారాలు ఎక్కువగా పోయేది అక్కడే. ఒక కాగితానికి ఆరు స్లైడుల చొప్పున ముద్రిస్తే 12 పాయింట్ల అక్షరం సుమారు 3 పాయింట్లకు కుంచించుకుపోయి, భూతద్దానికి కూడా లొంగదు. ముద్రించి పంచేటప్పుడు `Notes Pages` అమరికను ఎంచుకుంటే ఒక్కో పుటలో ఒక స్లైడు, దాని కింద చీటీ వస్తాయి. కాగితం ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి నేను సంఖ్యలున్న స్లైడులను మాత్రమే అలా ముద్రిస్తాను.

పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింటరు జాబితాలోని `Microsoft Print to PDF` ద్వారా కాకుండా, `Save As` లో పీడీఎఫ్ రకాన్ని ఎంచుకుని చేయాలి. మొదటి పద్ధతిలో లింకులు చచ్చిపోయి మాటలు మాత్రమే మిగులుతాయి. రెండో పద్ధతిలో లింకులు నిలుస్తాయి, కానీ నోట్సు దానంతటది రాదు. `Options` లో నోట్సు పుటలను ఎంచుకుంటేనే వస్తుంది. పంపే ముందు ఆ పీడీఎఫ్‌ను ఒకసారి ఫోనులో తెరిచి, గ్రాఫు పుటను పెద్దది చేసి ఆధార వాక్యంలోని వత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో, ఆధారాల పుటలో ‘ఆ-3’ లింకును వేలితో తాకితే పట్టిక తెరుచుకుంటుందో లేదో చూసుకుని, ఆ తరువాతే గుంపులో పెట్టాలి.